అరవై దాటాక రెజ్యూమె: వయసు దాచకండి, వరస మార్చండి

రిటైరైన పెద్దవాళ్ళు పార్ట్ టైమ్‌గా కన్సల్టింగ్ పని చేద్దామని రెజ్యూమె రాసుకుంటుంటే, ఇంట్లో పిల్లలు ఇచ్చే మొదటి సలహా ఒకటుంటుంది. "పుట్టిన తేదీ తీసేయండి, పదిహేనేళ్ళ కిందటి ఉద్యోగాలన్నీ తీసేయండి, వయసు తెలియకూడదు" అంటారు. ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళ ఉద్యోగాల్లో అది పనికొస్తుందేమో గానీ మన పెద్దవాళ్ళకి అది నష్టమే చేస్తుందని నా అభిప్రాయం. సలహా కోసం మనిషిని పెట్టుకునేవాడు అనుభవం ఉందనే పెట్టుకుంటాడు. ఆ అనుభవాన్నే కత్తిరించేస్తే ఇక అమ్మడానికి మిగిలేదేముంది?

రెజ్యూమె పాతగా అనిపించడానికి కారణాలు వేరే ఉంటాయి. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి ఆరేళ్ళు నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేశాను. లోను ఫైళ్ళు చూడటానికి వారానికి రెండు రోజులు వచ్చే రిటైర్డ్ బ్యాంకు ఆఫీసర్లు అలాంటి ఆఫీసులకి ఎప్పుడూ అవసరమే. వాళ్ళ బయోడేటాలు మొదట నా టేబుల్ మీదికే వచ్చేవి. ఏది చదివితే సార్ ఫోన్ చేయమనేవారో, ఏది చదవకుండానే ఫైల్లో పెట్టేయమనేవారో అక్కడ చూశాను. పోయినేడాది మా ఆడపడుచుకి రెజ్యూమె తయారుచేసేటప్పుడు ఆ చూసిందంతా అక్కరకొచ్చింది. ఆవిడది మావారి స్వగ్రామం పామర్రే. ఆవిడ అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఆ కాగితం గురించి రాస్తున్నాను. అసలు రెజ్యూమె ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ తెలుగులో చెబుతాను.

వదిన 1985లో ఆంధ్రా బ్యాంకులో క్లర్కుగా చేరి, 2022లో సీనియర్ మేనేజరుగా రిటైరయ్యారు. చేరిన బ్యాంకు పేరు ఒకటి, రిటైరైన బ్యాంకు పేరు ఇంకొకటి. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మన బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కదా. ఆవిడ కోరిక పెద్దదేం కాదు. చుట్టుపక్కల రైస్ మిల్లులు, పచ్చళ్ళ యూనిట్లు, చిన్న వర్క్‌షాపులు లోనుకి వెళ్ళేటప్పుడు కాగితాలు సరిగ్గా తయారుచేసిపెట్టే పని, వారానికి రెండు మూడు రోజులు కావాలి. అంతే.

ఆవిడ దగ్గరున్న బయోడేటా నాలుగు పేజీలు. పైన పెద్దక్షరాలతో బయోడేటా అని, కింద పేరు, భర్త పేరు, పుట్టిన తేదీ, మతం, టెన్త్ మార్కులు, టైపు లోయర్ పాసైన సంవత్సరం. తర్వాత రెండు పేజీల నిండా పదకొండు బ్రాంచీల పట్టిక, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని. చివర "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే మాట, సంతకం. ఫోన్ నంబరు మా అన్నయ్యగారిది, ఈమెయిల్ వాళ్ళబ్బాయిది. ముప్పై ఏడేళ్ళు బ్యాంకు నడిపిన మనిషిని కలవాలంటే ముందు ఇంట్లో మగవాళ్ళు ఫోనెత్తాలన్నమాట! సొంత నంబరుతో, సొంత పేరుతో ఓ ఈమెయిల్ పెట్టించడం మేం చేసిన మొదటి పని. దానికి పది నిమిషాలు పట్టింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆ నాలుగు పేజీల్లో ఆవిడ ఎక్కడెక్కడ కూర్చున్నారో ఉంది. కూర్చుని ఏం చేశారో లేదు. "మేనేజర్ (అడ్వాన్సెస్), రైస్ మిల్లులకు అనేక రుణాలు మంజూరు చేసితిని, టార్గెట్లు సాధించితిని" అని ఒక వాక్యం. బ్యాంకులోపలి మనిషికి ఈ హోదా అర్థమవుతుంది, బయటివాళ్ళకి అర్థం కాదు. మిల్లు యజమానికి టార్గెట్లతో పనేముంది? తన ఫైలు ఎందుకు వెనక్కొస్తోందో చెప్పే మనిషి కావాలి అతనికి.

అందుకని నేను ఆవిడని ఒకటే అడిగాను. "వదినా, మీరు లేకపోతే ఆగిపోయేది, మీరుండబట్టి జరిగింది, అలాంటి ఫైలు ఒకటి చెప్పండి." ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏమో అమ్మాయ్, అన్నీ మామూలువే" అన్నారు. ఆడవాళ్ళందరూ ఇలాగే అంటారు. కాఫీ తాగుతూ మళ్ళీ అడిగితే మెల్లగా ఒక రైస్ మిల్లు కథ బయటికొచ్చింది. ఆ కథ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే రెజ్యూమెలో ఉండాల్సింది అదే.

అది 2018 సంవత్సరం. మిల్లు ఆయన ధాన్యం కొనుక్కోవడానికి 80 లక్షల క్యాష్ క్రెడిట్ అడిగాడు. చిన్న పరిశ్రమలకి బ్యాంకులు సాధారణంగా ఒక సులువు లెక్క వాడతాయి. వచ్చే ఏడాది అమ్మకాలు ఎంత ఉంటాయని అంచనా వేస్తారో అందులో నాలుగో వంతు పెట్టుబడిగా తిరగాలి, అందులో అమ్మకాల మీద 20 శాతం బ్యాంకు ఇస్తే, 5 శాతం యజమాని పెట్టుకోవాలి. 4 కోట్ల అమ్మకాలకి 80 లక్షలు వస్తుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఫైలు పైఆఫీసు నుంచి రెండుసార్లు వెనక్కొచ్చింది. జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాలు అంత లేవని వాళ్ళ అభ్యంతరం.

అప్పుడు వదిన ఆ బ్రాంచికి కొత్తగా వెళ్ళారు. మిల్లుకి స్వయంగా వెళ్ళి స్టాకు పుస్తకం చూశారు. మన డెల్టాలో మిల్లులు రెండు రకాల ధాన్యం ఆడతాయి. ఒకటి సొంత డబ్బుతో కొన్నది. రెండోది పౌరసరఫరాల సంస్థ ఇచ్చే ధాన్యం. ఆ రెండోది ఆడించి క్వింటాలుకి 67 కేజీల పచ్చి బియ్యం లెక్కన తిరిగి ప్రభుత్వానికే అప్పజెప్పాలి, మిల్లుకి వచ్చేది మర కూలీ మాత్రమే. గోదాంలో బస్తాలన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చూడటానికి అంతా మిల్లు సరుకులాగే ఉంటుంది. మిల్లు ఆయన గుమస్తా ఆ ప్రభుత్వ ధాన్యం విలువ 1 కోటి 40 లక్షలు కూడా అమ్మకాల్లో కలిపేశాడు. అది తీసేస్తే సొంత వ్యాపారం 2 కోట్ల 60 లక్షలు. దానికి 20 శాతం అంటే 52 లక్షలు. వదిన ఆ రెండు లెక్కలూ విడదీసి, 52 లక్షలకి మళ్ళీ పంపిస్తే మంజూరైంది. 80 ఇచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "ప్రభుత్వ ధాన్యం వెళ్ళిపోయాక స్టాకు లేని అప్పు మిగిలేది. వడ్డీ కట్టలేక ఏడాది తిరక్కుండా ఖాతా మొండి బకాయి అయ్యేది" అన్నారు.

చూశారా, ఇంత జ్ఞానం "అనేక రుణాలు మంజూరు చేసితిని" అనే ముక్క కింద పూడుకుపోయింది. కొత్త రెజ్యూమెలో అది ఇలా వచ్చింది:

"కృష్ణా డెల్టాలో ఒక రైస్ మిల్లు, 2018–19. 80 లక్షల క్యాష్ క్రెడిట్ కోరిన ఫైలు రెండుసార్లు తిరిగివచ్చింది. అంచనా అమ్మకాల్లో ప్రభుత్వ కస్టమ్ మిల్లింగ్ ధాన్యం విలువ కలిసి ఉన్నట్టు గుర్తించి వేరుచేశాను. సొంత వ్యాపారానికి సరిపడే 52 లక్షలకు తిరిగి సమర్పించగా మంజూరైంది. తర్వాతి రెండేళ్ళూ ఖాతా సక్రమంగా నడిచింది."

ఐదు చిన్న వాక్యాలు. ఎవరికి, ఏ ఇబ్బంది, కారణం ఏమిటి, ఏం చేశారు, చివరికి ఏమైంది. ఇందులో "కష్టపడే స్వభావం", "అంకితభావం" వంటి మాటలు అక్కర్లేదు, చదివినవాళ్ళకి అవి వాళ్ళంతట వాళ్ళకే తెలుస్తాయి. ఇలాంటివి మూడు నాలుగు చాలు. ఆరేడు పెడితే ఏదీ గుర్తుండదు.

దీన్లో రెండు జాగ్రత్తలున్నాయి. మొదటి చిత్తులో వదిన మిల్లు పేరు, యజమాని పేరు రాశారు. బ్యాంకులో తెలిసిన కస్టమరు సంగతులు రిటైరయ్యాక కూడా బయట చెప్పకూడదు. పైగా పాత కస్టమరు గుట్టు రెజ్యూమెలో రాసినావిడ రేపు మన గుట్టు కూడా రాస్తుందని కొత్త కస్టమరు అనుకుంటాడు. అందుకే ఊరి పేరు కూడా తీసి డెల్టా అని మాత్రమే ఉంచాం. రెండోది అంకెలు. బ్యాంకు కాగితాలేవీ ఇంటికి తెచ్చుకోకూడదు కాబట్టి ఆవిడ అన్నీ జ్ఞాపకం మీదే చెప్పాలి. ఎదురుగా కూర్చుని ఎవరైనా "ఎలా వచ్చింది ఈ 52?" అని అడిగితే కాగితం లేకుండా చెప్పగలిగిన అంకెలే ఉంచాం. తడబడేవి తీసేశాం.

రెండో కారణం మాటలు. సర్వీసులో ఉన్నప్పుడు నోట్లో నానిన మాటలు కొన్ని చలామణీలో లేకుండా పోతాయి, మనకి తెలియదు. వదిన బయోడేటాలో ఎస్ఎస్ఐ యూనిట్లు అని ఉంది. 2006 చట్టం వచ్చాక అది ఎంఎస్ఎంఈ అయింది. ఐఆర్‌డీపీ లోన్లు అని ఉంది. ఆ పథకం 1999లోనే వేరేదాంట్లో కలిసిపోయింది. డ్వాక్రా అనే పేరూ అప్పుడే కాగితాల మీద నుంచి పోయింది, మనందరి నోళ్ళలో మాత్రం ఇంకా ఉంది. లెడ్జర్ పోస్టింగ్ మెషిన్ మీద శిక్షణ పొందానని ఒక లైను. అది చదివిన ముప్పై ఏళ్ళ అమ్మాయి దాన్నేదో మ్యూజియంలో వస్తువు అనుకుంటుంది.

ఇలాంటి చోట మాట మార్చాలి, పని తీసేయక్కర్లేదు. డ్వాక్రా లోన్లు చూశానన్నది "స్వయం సహాయక సంఘాల రుణాలు" అయింది. దాని కింద ఒక నిజమైన కథ వచ్చింది. ఒక బ్రాంచిలో 68 సంఘాల్లో 19 బకాయిల్లో ఉన్నాయి. అందరూ ఆడవాళ్ళు కట్టడం మానేశారనుకున్నారు. వదిన పాసు పుస్తకాలు తెప్పించి చూస్తే చాలామంది నెలనెలా కడుతూనే ఉన్నారు. ఆ డబ్బు సంఘం పొదుపు ఖాతాలో పడుతోంది, అక్కణ్ణించి అప్పు ఖాతాకి మార్చేవాళ్ళు లేరు. వడ్డీ మాత్రం పెరుగుతోంది. ప్రతి సంఘం చేతా ఒక్కసారి తీర్మానం రాయించుకుని, నెలకో తేదీన వాయిదా మొత్తం దానంతటదే మారేట్టు పెట్టించారు. ఏడాదిలో బకాయి సంఘాలు నాలుగుకి దిగాయి. ఈ కథ 2009 నాటిది. పదిహేనేళ్ళు దాటిందని తీసేయాలా మరి? సంఘాలతో పనిచేసే ఏ సంస్థకైనా ఇది ఇవాళ్టికీ పనికొచ్చే సంగతే.

బ్యాంకు పేరు విషయంలో వదినకి మనసొప్పలేదు. "ఆంధ్రా బ్యాంకు అనే రాస్తాను, నేను చేరింది అందులోనే" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. కానీ పాతికేళ్ళ పిల్లలు కొందరికి ఆ పేరు పరిచయం లేదు. అందుకని "ఆంధ్రా బ్యాంకు (2020 నుంచి యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా)" అని రాశాం. దాంతోపాటు ఇంకో సంగతి కలిసొచ్చింది. విలీనం జరిగినప్పుడు ఆవిడ బ్రాంచి మేనేజరు. ANDB తో మొదలయ్యే కోడ్లన్నీ UBIN అయిపోయాయి. పెన్షన్లు, గ్యాస్ సబ్సిడీలు, సంఘాల వాయిదాలు, మిల్లులకి రావాల్సిన చెల్లింపులు ఎక్కడా ఆగకుండా ఆ మార్పు దాటించారు, అదీ కరోనా రోజుల్లో. "కొత్త టెక్నాలజీ నేర్చుకోవడానికి సిద్ధం" అని రాసేకన్నా ఈ ఒక్క లైను ఎంతో నయం. ఆ మాట రాసిన రెజ్యూమెలు నేను బోలెడు చూశాను. అది చదవగానే సార్ "అంటే ఇంకా నేర్చుకోలేదన్నమాట" అనేవారు.

కంప్యూటర్ దగ్గర నిజమే రాయాలి. ఫినాకిల్ సాఫ్ట్‌వేర్ వచ్చు అని వదిన గర్వంగా రాసుకున్నారు. అది బ్యాంకు లోపల వాడేది, బయట కన్సల్టెంటుకి దాని అవసరం ఉండదు. మిల్లు ఫైలుకి కావాల్సింది ఎక్సెల్‌లో సీఎంఏ పట్టికలు, అంటే గత రెండు మూడేళ్ళ లెక్కలు, రాబోయే ఏళ్ళ అంచనాలు బ్యాంకు కోరిన వరసలో వేయడం. వదినకి లెక్క వచ్చు, ఎక్సెల్ చేయి తిరగలేదు. సర్వీసులో ఆ పని కింది ఆఫీసర్లు చేసేవారు. రెజ్యూమెలో "స్వయంగా చేస్తాను" అని రాయడానికి ముందు ఆవిడ నెలా పదిహేను రోజులు మా అమ్మాయి పక్కన కూర్చుని పాత లెక్కలతో మూడు ఫైళ్ళు తయారుచేశారు. అదయ్యాకే ఆ లైను పెట్టాం. ఎందుకంటే ఆఫీసుకి పిలిచినవాళ్ళు లాప్‌టాప్ ముందు పెట్టి "ఈ గడిలో సూత్రం చూడండమ్మా" అంటే అబద్ధం అక్కడే తేలిపోతుంది.

మూడో కారణం అన్నిటికన్నా పెద్దది. 2022 తర్వాత ఆ కాగితంలో ఏమీ లేదు. చదివేవాళ్ళకి వయసు కంటే ఈ ఖాళీయే ఎక్కువ కనపడుతుంది. రిటైరైన రోజుతో ఈవిడ తెలుసుకోవడం కూడా ఆగిపోయిందా అని అనుమానం వస్తుంది. మన ఆడవాళ్ళ విషయంలో ఆ ఖాళీ నిజానికి ఖాళీగా ఉండదు. మనవణ్ణి పెంచడం, అత్తగారికి మందులు, ఊళ్ళో అందరికీ ఉచితంగా ఫారాలు నింపడం. ఆ చివరిదాన్ని పట్టుకోవాలి. వదిన దగ్గరికి వీధిలో పచ్చళ్ళ వ్యాపారం చేసే ఒకావిడ లోను కోసం వచ్చింది. చిన్న ఆహార పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే పీఎంఎఫ్ఎంఈ పథకం కింద 6 లక్షల ప్రాజెక్టు. అందులో 35 శాతం, అంటే 2 లక్షల 10 వేలు సబ్సిడీ. ఆవిడ ఆ డబ్బు ముందే చేతికొస్తుందని, దాంతో గ్రైండర్లు కొనొచ్చని అనుకుంది. వదిన కూర్చోబెట్టి చెప్పారు. ముందు మన వాటా పదోవంతు 60 వేలు పెట్టుకోవాలి, మిగతా 5 లక్షల 40 వేలు బ్యాంకు లోను. సబ్సిడీ మన పేరున బ్యాంకులోనే విడిగా ఉండి, ఖాతా సక్రమంగా నడిస్తే మూడేళ్ళ తర్వాత అప్పులో జమవుతుంది. ఆ సంగతి ముందే తెలియడం వల్ల ఆవిడ గ్రైండర్లకి బయట వడ్డీకి తేకుండా ఆగింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా వదినే ఆన్‌లైన్లో చేసిపెట్టారు.

ఈ పనికి పైసా తీసుకోలేదు. అయినా రెజ్యూమెలో మొట్టమొదటి కేసుగా పెట్టింది దీన్నే. చదివినవాళ్ళకి ఈ మనిషి ఇప్పటి పథకాలు, ఇప్పటి వెబ్‌సైట్లు చూస్తోందని ఒక్క చూపులో తెలుస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ పరిశ్రమ అంటే టర్నోవరు 5 కోట్ల దాకా కాదు, 10 కోట్ల దాకా అని మారింది. ఆ మార్పు వల్ల లాభపడే యూనిట్ల గురించి వదిన ఒక లైను రాశారు. దాన్ని చదివి ఒక ఆడిటర్ గారు "ఇది మా ఆఫీసులో పిల్లలకే ఇంకా పూర్తిగా ఎక్కలేదు" అన్నారట.

ఇలా అన్నీ వరస మారాక కాగితం రెండు పేజీలైంది. పైన పేరు, సొంత ఫోను, సొంత మెయిలు. వాటి కింద ఒకే వాక్యం: "చిన్న పరిశ్రమలకు, స్వయం సహాయక సంఘాలకు బ్యాంకు రుణ ఫైళ్ళు తయారుచేస్తాను, తిరిగివచ్చిన ఫైళ్ళలో లోపం కనిపెడతాను." తర్వాత కేసులు, కొత్తది ముందు, పాతది వెనక. చివర ఐదు లైన్లలో ఉద్యోగ చరిత్ర, 1985 నుంచి 2022 దాకా, సంవత్సరాలతో సహా. పదకొండు బ్రాంచీలూ "కృష్ణా, గుంటూరు జిల్లాల్లో 11 బ్రాంచీలు" అనే ఒక్క ముక్కలో సర్దుకున్నాయి. పుట్టిన తేదీ, మతం, భర్త పేరు, టైపు లోయర్, ప్రమాణం అన్నీ పోయాయి. అవి పోయింది వయసు దాచడానికని అనుకోకండి, ఈ పనికి వాటితో సంబంధం లేదు. 1985 చూసినవాళ్ళు వయసు లెక్కేసుకుంటారు, వేసుకోనివ్వండి. సంవత్సరాలు లేకపోతే ఇంకా ఎక్కువ వేసుకుంటారు.

ఇక వదినకీ నాకూ వాదన జరిగిన రెండు లైన్ల గురించి చెప్పాలి. "జిల్లాలోని బ్యాంకు మేనేజర్లందరితో మంచి పరిచయాలు ఉన్నవి" అని రాద్దామన్నారు. నేను వద్దన్నాను. రాసేవాళ్ళకి అది బలంలా అనిపిస్తుంది, చదివే ఆడిటరుకి మాత్రం లోను ఇప్పిస్తామని తిరిగే బ్రోకరు గుర్తొస్తాడు. పరిచయంతో ఫైలు కదుపుతాననే మనిషిని మంచి ఆఫీసు దగ్గరికి రానివ్వదు. నిజంగా తెలిసినవాళ్ళుంటే అది ఎలాగూ తెలుస్తుంది.

రెండోది డబ్బు. "ఎంతిస్తే అంత" అన్నారు. ఊళ్ళో కొందరు మంజూరైన లోనులో ఒక శాతం తీసుకుంటారు, అలా పెడదామా అని కూడా అడిగారు. శాతం తీసుకుంటే ఎక్కువ లోను వచ్చేట్టు చూడాలని మనకే ఆశ పుడుతుంది. ఆ 80 లక్షల ఫైలుని 52కి తగ్గించే ధైర్యం అప్పుడుంటుందా? అందుకని ఫైలుకి ఇంత అని, సగం ముందు, సగం ఫైలు అప్పగించినప్పుడు అని, మంజూరుతో సంబంధం లేదని రాయించాను. వారానికి మంగళ, గురువారాలు విజయవాడలో, మిగతా పని పామర్రు నుంచి అని కూడా. పార్ట్ టైమ్ అని ఊరికే రాస్తే ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఖాళీ అనుకుంటారు. రోజుల పేర్లు రాస్తే మిగతా రోజులు మనవి అవుతాయి. అన్నయ్యగారు ఆ లైను చదివి, "అయితే మంగళవారం బాబుని స్కూలు నుంచి ఎవరు తేవాలి?" అన్నారు. "మీరే" అన్నారు వదిన. ఆ రెజ్యూమెలో ఇంట్లో అందరూ చదివింది ఆ ఒక్క లైనే.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు, అదీ చెప్పాలి. బ్యాంకులే కాంట్రాక్టు మీద రిటైర్డ్ ఆఫీసర్లని కాంకరెంట్ ఆడిట్‌కి తీసుకుంటుంటాయి. వాటికి ప్రకటనలో వయసు పరిమితి, వాళ్ళ సొంత ఫారం ఉంటాయి. అక్కడ పుట్టిన తేదీ, బ్రాంచీల పట్టిక అన్నీ అడిగిన వరసలోనే నింపాలి, మన కథలకి చోటుండదు. అలాగే పెన్షన్ తీసుకునే ఆఫీసర్లు రిటైరైన వెంటనే ప్రైవేటు పనిలో చేరాలంటే పాత సంస్థ అనుమతి కావాలనే నిబంధన ఉంటుంది. రెజ్యూమె ఎవరికైనా పంపే ముందు మీ రిటైర్మెంట్ కాగితాలు తీసి ఆ గడువు చూసుకోండి. వదినకి ఆ గడువు దాటిపోయింది కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఆ రెండు పేజీలు విజయవాడలో ముగ్గురు ఆడిటర్లకి పంపాం. ఒకరు జవాబివ్వలేదు. ఒకరు తర్వాత చూద్దామన్నారు. మూడోవారు పిలిచి, తిరిగొచ్చిన ఫైళ్ళు రెండు చేతికిచ్చి, "వీటిలో లోపమేంటో చెప్పండమ్మా, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. వయసు సంగతి ఆయన అడగలేదు, అరవై మూడని వదినే చెప్పారట. అందులో ఒక ఫైల్లో కౌలుకి తీసుకున్న చేపల చెరువు కాగితం గడువు లోను గడువు కంటే ముందే అయిపోతోంది. చెరువు మనది కాకుండా పోయాక వాయిదా ఎలా కడతామని బ్యాంకు వెనక్కి పంపింది, ఆ మాట మాత్రం ఎక్కడా రాయలేదు. వదిన అరగంటలో పట్టుకున్నారు. ఇప్పుడు మంగళవారం, గురువారం ఎనిమిదింటికల్లా బందరు రోడ్డు మీద బస్సెక్కుతారు.

మీ ఇంట్లోనూ రిటైరైన టీచరో, నర్సో, ఇంజనీరో ఉండి బయోడేటా బయటికి తీస్తే, సంవత్సరాలు కొట్టేయడానికి పెన్ను పట్టుకోకండి. ఒక పూట ఎదురుగా కూర్చుని, ఆగిపోయిన పని ఒకటి ఎలా కదిలిందో చెప్పమనండి. "అన్నీ మామూలువే" అంటారు, కాఫీ ఇచ్చి మళ్ళీ అడగండి.